సెమినార్ నోట్సును పాత్రలు-థీమ్‌ల పట్టికగా మార్చుకోవడం ఎలా: వ్యాసం రాసే ముందు చేయాల్సిన పని

సెమినార్ జరిగిన పది రోజులకు నోట్సు తెరిచి చూస్తే సాధారణంగా ఇలా ఉంటుంది. ఇది గురజాడ నాటకం కన్యాశుల్కం మీద జరిగిన ఒక గంట చర్చకు మచ్చు.

> గిరీశం – ఇంగ్లీషు ముక్కలు – బడాయి. నాతో మాట్లాడ్డమే ఎడ్యుకేషన్!!
> సుబ్బి 1800. లుబ్ధావధాన్లు ముసలి. తాంబూలాలు… తన్నుకు చావండి (అందరూ నవ్వారు)
> సంస్కర్త ఎవరు? గిరీశమా? సౌజన్యారావా?
> మధురవాణే అసలు హీరో → ఎందుకు? (టైమ్ అయిపోయింది)
> మ.వా. – తల్లి చెప్పిన మాట – చెడనివాళ్లను చెడగొట్టొద్దు
> డామిట్ – ముగింపు – ఎవరికి అడ్డం?
> బుచ్చమ్మ??

ఇందులో సరుకు లేకపోలేదు. రెండు మూడు వ్యాసాలకు సరిపడా ఉంది. అయినా దీన్ని పక్కన పెట్టుకుని వ్యాసం మొదలుపెడితే పెన్ను కదలదు. నోట్సు నడిచింది కాలక్రమంలో. ఎవరు ముందు మాట్లాడితే వాళ్ల మాట ముందు వచ్చింది. వ్యాసం మాత్రం వాదన క్రమంలో నడవాలి. ఈ రెండు క్రమాల మధ్య వంతెన లేకపోతే వ్యాసం కూడా సెమినార్‌లాగే సాగుతుంది: గిరీశం గురించి ఒక పేరా, మధురవాణి గురించి ఒక పేరా, చివర్లో సమాజం గురించి ఒక పేరా. పాత్రల స్వభావ చిత్రణ అవుతుంది గానీ వాదన కాదు.

ఆ వంతెనే పాత్రలు-థీమ్‌ల పట్టిక. నిలువున పాత్రలు, అడ్డంగా థీమ్‌లు, అవి కలిసే ప్రతి గడిలో ఒక చిన్న వాక్యం, ఒక చిన్న కొటేషన్. చూడ్డానికి సులువుగానే ఉంటుంది. కానీ చాలామంది పట్టికలు నోట్సునే గళ్లలోకి ఎక్కించినట్టు ఉంటాయి, వ్యాసం రాసేటప్పుడు ఎందుకూ పనికిరావు. తేడా ఎక్కడ వస్తుందో పై ఏడు లైన్లనే తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చూద్దాం.

ముందు: ఏ మాట ఎవరిది

పట్టిక గీయడానికి ముందే నోట్సు మీద పెన్సిల్‌తో ఒకసారి నడవాలి. ప్రతి లైను పక్కన మూడు గుర్తుల్లో ఒకటి పెట్టండి. పుస్తకంలో ఉన్న మాటకో సంఘటనకో 'పు'. సెమినార్‌లో ఎవరో అన్న అభిప్రాయానికి 'అ'. మీకు తోచిన ఆలోచనకు 'నా'. అంతే, పావుగంట పని.

పై నోట్సులో "సుబ్బి 1800" అన్నది 'పు'. అగ్నిహోత్రావధాన్లు చిన్న కూతురిని ముసలి లుబ్ధావధాన్లుకు పద్దెనిమిది వందల రూపాయలకు కుదుర్చుకోవడం నాటకంలోనే ఉంది. "మధురవాణే అసలు హీరో" అన్నది 'అ', క్లాసులో ఎవరో అన్నారు. "బడాయి" ఎవరిది? మాట్లాడినవాళ్లదో, రాసుకున్న మీదో, పది రోజుల తర్వాత చెప్పడం కష్టం. అందుకే ఈ పని సెమినార్ అయిన రెండు మూడు రోజుల్లోనే చేయాలి. ఎవరిదో జ్ఞాపకం లేకపోతే 'అ' అని పెట్టేయండి. 'పు' అని మాత్రం పెట్టకండి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. పట్టిక గళ్లలోకి 'పు' గుర్తు ఉన్నవే వెళ్లాలి. 'అ', 'నా' గుర్తులున్నవి గళ్లలోకి రావు. అవి థీమ్‌ల తలకట్టు దగ్గరికి, లేదా పట్టిక కింద ప్రశ్నల దగ్గరికి వెళ్తాయి. "మధురవాణే హీరో" అన్నది ఆధారం కాదు, ఆధారం కావాల్సిన మాట. దాన్ని గడిలో పెట్టేస్తే వ్యాసం రాసేటప్పుడు అభిప్రాయాన్నే అభిప్రాయానికి సాక్ష్యంగా చూపిస్తారు. ఆ పేరా చదివేవాళ్లకు డొల్లగా అనిపిస్తుంది, కారణం మాత్రం మీకు దొరకదు.

థీమ్‌ను ఒక్క మాటలో రాయకండి

పట్టిక పై వరుసలో "డబ్బు", "సంస్కరణ", "స్త్రీ" అని రాసుకోవడం అందరికీ అలవాటు. పట్టిక చెడిపోయేది ఇక్కడే. "డబ్బు" అన్న తలకట్టు కింద ఏదైనా పడుతుంది. గిరీశం అప్పులు, పూటకూళ్లమ్మ సొమ్ము, లుబ్ధావధాన్లు పిసినారితనం, రామప్పంతులు ఎత్తులు, అన్నీ పడతాయి. అన్నీ పట్టే గడి దేన్నీ నిరూపించదు.

థీమ్‌ను వాక్యంగానో ప్రశ్నగానో రాయండి. క్రియ ఉండాలి. "డబ్బు" కాస్తా "మనిషికి వెల కడుతున్నది ఎవరు, దాన్ని తిరస్కరిస్తున్నది ఎవరు?" అవుతుంది. "సంస్కరణ" కాస్తా "సంస్కరణ మాట ఎవరి నోట వస్తోంది, పని ఎవరి చేతిలో జరుగుతోంది?" అవుతుంది. "స్త్రీ" కాస్తా "ఆడపిల్ల ఇష్టాన్ని ఎవరైనా అడిగారా?" అవుతుంది. ఇప్పుడు ప్రతి పాత్రా ఆ ప్రశ్నకు జవాబు చెప్పాల్సి వస్తుంది. గడిలో ఏం రాయాలో దానంతట అదే తెలుస్తుంది, ఏం రాయకూడదో కూడా తెలుస్తుంది.

ఈ ప్రశ్నలు ఎక్కడి నుంచి వస్తాయంటే, ఇందాక పక్కన పెట్టిన 'అ' లైన్ల నుంచే. "సంస్కర్త ఎవరు? గిరీశమా? సౌజన్యారావా?" అన్న లైనే రెండో థీమ్ అయింది. సెమినార్‌లో జవాబు దొరకని ప్రశ్నలు, టైమ్ అయిపోయి వదిలేసినవి, పట్టికకు మంచి తలకట్లు అవుతాయి. క్లాసంతా ఒప్పుకున్న మాట మీద వ్యాసం రాయడానికి ఏమీ మిగలదు.

మూడు థీమ్‌లు చాలు. నాలుగైతే ఎక్కువ. ఐదు పెడితే మీరు థీమ్‌లను ఎంచుకోలేదు, పోగుచేశారని అర్థం.

పాత్రలను ఎంచుకోవడం

ఇక్కడ తొందరగా తేల్చేయొచ్చు. నాలుగు పాత్రలు. కథలో పెద్దవి కాదు, మీ థీమ్ ప్రశ్నలకు వేర్వేరు జవాబులు ఇచ్చేవి. ఇద్దరు ఒకే జవాబు ఇస్తే ఒకరిని తీసేయండి. కన్యాశుల్కంలో డబ్బు ప్రశ్నకు అగ్నిహోత్రావధాన్లు, లుబ్ధావధాన్లు ఒకే బేరానికి రెండు కొసలు, కాబట్టి ఒకరు సరిపోతారు. మన పట్టికకు గిరీశం, అగ్నిహోత్రావధాన్లు, వేశ్య మధురవాణి, వకీలు సౌజన్యారావు. బుచ్చమ్మ పేరు పక్కన నోట్సులో రెండు ప్రశ్నార్థకాలు ఉన్నాయి కాబట్టి ఆవిడకు ఐదో వరుస ఖాళీగా ఉంచుదాం. ఎందుకో తర్వాత చెప్తాను.

గడిలో ఏం రాయాలి

కాగితం అడ్డంగా తిప్పుకోండి. పెద్ద షీటైతే మంచిది, లేదంటే నోట్‌బుక్‌లో రెండు పేజీలు కలిపి వాడొచ్చు. కంప్యూటర్‌లో స్ప్రెడ్‌షీట్ వాడేవాళ్లు ఒకే గడిలో కొత్త లైనుకు వెళ్లడానికి ఎక్సెల్‌లో `Alt+Enter` నొక్కాలి. ఉత్త ఎంటర్ నొక్కితే కింది గడిలోకి వెళ్లిపోతారు.

పట్టిక నెత్తిన అన్నిటికంటే ముందు రాయాల్సింది మీ చేతిలో ఉన్న పుస్తకం ఏ కూర్పు అన్నది. కన్యాశుల్కం మొదటి కూర్పు 1897లో వచ్చింది. గురజాడ దాన్ని బాగా మార్చి, పెంచి 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఇవాళ మనం చదువుకునేదీ, జనం నోళ్లలో ఉన్న మాటలున్నదీ ఎక్కువగా ఆ రెండోదే. రెండు కూర్పుల్లో అంకాల లెక్క కలవదు. సెమినార్‌లో పక్కవాళ్లు చెప్పిన పేజీ నంబరు మీ పుస్తకంలో వేరే సంభాషణ చూపిస్తుంది. అందుకే చోటు రాసేటప్పుడు పేజీ కాకుండా అంకం, స్థలం రాసుకోండి. ఆ కూర్పుకు ఏ ప్రచురణ తీసినా దొరుకుతుంది.

ప్రతి గడిలో మూడు లైన్లు. మొదటి లైను, పాత్ర ఆ ప్రశ్నకు ఇస్తున్న జవాబు, క్రియతో కూడిన చిన్న వాక్యంలో. రెండో లైను, కొటేషన్ లేదా సంఘటన, దాని చోటు. మూడో లైను "అంటే" అని మొదలుపెట్టి, అది ఏం తేలుస్తోందో.

ఒక గడి దగ్గరగా చూద్దాం. గిరీశం, సంస్కరణ. మొదటి ప్రయత్నంలో చాలామంది ఇలా రాస్తారు:

> గిరీశం బడాయికోరు. సంస్కరణ గురించి మాట్లాడతాడు. ఇంగ్లీషు. "నాతో మాట్లాడ్డమే ఒక ఎడ్యుకేషన్."

ఇందులో కొటేషన్ మిగతా వాటితో అతకలేదు. ఆ మాట వెంకటేశంతో అన్నది, గురువుగా తన గొప్ప చెప్పుకోవడానికి. సంస్కరణకు అది సాక్ష్యం కాదు. గుర్తున్న కొటేషన్ అని పెట్టేశారు, అంతే. పట్టికల్లో నాకు ఎక్కువగా కనిపించే తప్పు ఇదే: కొటేషన్ ప్రసిద్ధమైంది కాబట్టి గడి దొరికిన చోట కూర్చుంటుంది. సరిచూసుకోవడానికి ఒక్కటే మార్గం. మొదటి లైను మూసేసి, కొటేషన్ ఒక్కటే చదివి, దాని నుంచి ఆ జవాబు వస్తుందో లేదో చూడండి. రాకపోతే కొటేషన్ మార్చండి, లేదా జవాబు మార్చండి.

ఇక్కడ జవాబు మారిస్తే గడి ఇలా తేలుతుంది:

> సంస్కరణను తన లాభానికి వాడుకునే భాషగా మార్చుకున్నాడు.
> వితంతువైన బుచ్చమ్మకు వితంతు వివాహం గొప్పదని బోధించి లేవదీసుకుపోతాడు, చివరి మాట "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" (సప్తమాంకం, ముగింపు).
> అంటే: ఆశయం ఓడిపోయిందని బాధ లేదు, పథకం పారలేదని చిరాకు.

"డామిట్ – ముగింపు – ఎవరికి అడ్డం?" అని నోట్సులో ఉన్న లైనుకు జవాబు ఇక్కడ దొరికింది. అడ్డం తిరిగింది గిరీశం కథ, బుచ్చమ్మ కథ కాదు. ఆమెను సౌజన్యారావు పూనా వితంతు శరణాలయానికి పంపే ఏర్పాటు చేస్తాడు. ఒక్క గడి సరిగ్గా నింపితే నోట్సులో వేలాడుతున్న ప్రశ్న ఒకటి తెగిపోతుంది.

రెండు థీమ్‌లతో పట్టిక నింపాక ఇలా ఉంటుంది. మూడో లైన్లు చోటు కోసం కుదించాను.

| పాత్ర | మనిషికి వెల కడుతున్నది ఎవరు? | సంస్కరణ మాట ఎవరిది, పని ఎవరిది? |
|---|---|---|
| గిరీశం | పూటకూళ్లమ్మ సామానుకిచ్చిన సొమ్ము వేశ్య కోసం ఖర్చుపెడతాడు (ప్రథమాంకం). అంటే: తాను ఆశ్రయించిన వితంతువునే దోచాడు | వితంతు వివాహం బోధిస్తాడు, "కథ అడ్డంగా తిరిగింది" (సప్తమాంకం). అంటే: మాట ఉంది, పని లేదు |
| అగ్నిహోత్రావధాన్లు | కూతుర్ని అమ్ముతాడు. "తాంబూలాలిచ్చేశాను… తన్నుకు చావండి" (ద్వితీయాంకం). అంటే: బేరం అయ్యాక ఇంట్లోవాళ్ల ఏడుపుకు విలువ లేదు | సంస్కరణ పేరే గిట్టదు, కానీ కొడుకును ఇంగ్లీషు చదువుకు పెట్టాడు. అంటే: లాభం ఉన్న కొత్తదనం మాత్రం కావాలి |
| మధురవాణి | తనకూ వెల కట్టే లోకంలో ఉంటూ, చివర్లో డబ్బు కోసం కాకుండా పనిచేస్తుంది (సప్తమాంకం) | సంస్కర్తనని చెప్పుకోదు, కథను చక్కదిద్దేది ఆమే. తల్లి చెప్పిన మాట [సరిచూడాలి] |
| సౌజన్యారావు | డబ్బుకు లొంగడు | చిత్తశుద్ధి ఉంది, కానీ వేశ్యల ముఖం చూడనన్న నియమం. మధురవాణి మగవేషంలో రావాల్సి వస్తుంది. అంటే: మంచి సంస్కర్తకూ ఒక గుడ్డిచోటు |
| బుచ్చమ్మ | | |

సౌజన్యారావు మొదటి గడి చూడండి. "డబ్బుకు లొంగడు" అన్నదానికి కొటేషన్ లేదు, సంఘటన లేదు, "అంటే" లేదు. అది బలహీనమైన గడి. అలాంటి గడిని నింపడానికి తాపత్రయపడొద్దు. పెన్సిల్‌తో గీత కొట్టేయండి. సౌజన్యారావు డబ్బు థీమ్‌లో మాట్లాడాల్సిన మనిషి కాదు. నాలుగు పాత్రలు, మూడు థీమ్‌లు ఉన్న పట్టికలో పన్నెండు గళ్లకు ఎనిమిది గట్టిగా ఉంటే అది మంచి పట్టిక.

కొటేషన్‌ను కత్తిరించడం

పట్టికలో కొటేషన్ ఐదారు మాటలకు మించకూడదు. పెద్ద కొటేషన్ గడిని మింగేస్తుంది. వ్యాసంలో అయితే మీ వాక్యాన్నే మింగేస్తుంది. అయితే తెలుగులో కత్తిరించడానికి ఒక జాగ్రత్త అవసరం. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది. కాదు, లేదు, కూడదు, నేరడు అన్నవీ చివరే ఉంటాయి. వాక్యం తోక కోసేస్తే అర్థం పోవడమే కాదు, తలకిందులు కూడా కావొచ్చు.

గిరీశం శిష్యుడితో అనే మాట ఒకటి ఉంది: "ఒపీనియన్స్ అప్పుడప్పుడూ ఛేంజి చేస్తూంటేనే గాని పోలిటిషన్ కానేరడు." దీన్ని మొదటి సగం దగ్గర కోస్తే "ఒపీనియన్స్ అప్పుడప్పుడూ ఛేంజి చేస్తూంటే" అని మిగులుతుంది, అదేదో తప్పు ఒప్పుకుంటున్నట్టు ఉంటుంది. అసలు వాక్యంలో ఉన్నది గర్వం, రాజకీయవేత్తకు అదే అర్హత అని. కాబట్టి ముందువైపు నుంచి కోయండి, చివర ఉంచండి. లేదా మొదలు, చివర ఉంచి మధ్యలో మూడు చుక్కలు పెట్టండి: "ఒపీనియన్స్… ఛేంజి చేస్తూంటేనే గాని పోలిటిషన్ కానేరడు." చుక్కల చోట నిషేధం ఉన్న మాట పోకుండా చూసుకోండి.

రెండో పరీక్ష, ఆ ముక్క "అని", "అనే", "అనడం" తో అతుకుతుందా? తెలుగు వ్యాసంలో కొటేషన్ మన వాక్యంలోకి వచ్చే దారి అదే. "తాంబూలాలిచ్చేశాను" అన్నది చక్కగా అతుకుతుంది: *"తాంబూలాలిచ్చేశాను" అనడంతోనే బేరం ముగిసిపోయింది, ఇంట్లో ఎవరి మాటా లెక్కలోకి రాదు.* పూర్తి మాట కావాలనుకుంటే "తన్నుకు చావండి" అన్నదాన్ని విడిగా ఇంకో చోట వాడుకోవచ్చు. మొదటి ముక్క బేరానికి సాక్ష్యం, రెండోది ఇంటివాళ్ల పట్ల అతని తీరుకు సాక్ష్యం. నోట్సులో "అందరూ నవ్వారు" అని రాసుకున్నారు గుర్తుందా? ఆ మాటకు ఇవాళ నవ్వు వస్తుంది. నాటకంలో ఆ క్షణంలో ఒక పసిపిల్ల ముసలివాడికి ఖాయమైంది. ఆ రెంటి మధ్య దూరం కూడా వ్యాసానికి పనికొచ్చే విషయమే, 'నా' గుర్తుతో పట్టిక కింద రాసుకోండి.

ఇక ముఖ్యమైనది, జ్ఞాపకం. కన్యాశుల్కం వాక్యాలు సామెతల్లా అయిపోయాయి. అందరి నోటా ఉంటాయి, ఒక్కొక్కరి నోట ఒక్కోలా ఉంటాయి. "మాట్లాడ్డమే", "మాట్లాడటమే", "మాట్లాడ్డవే" అని మూడు రకాలుగా విన్నాను. గురజాడ రాసింది వాడుక ఉచ్చారణను పట్టుకునే వర్ణక్రమంలో, ప్రచురణకర్తలు దాన్ని ఒక్కోలా అచ్చువేశారు. నేను ఇక్కడ రాసిన రూపాన్ని కూడా నేరుగా వ్యాసంలోకి ఎక్కించకండి, మీ పుస్తకంలో ఎలా ఉంటే అలా, అక్షరం మార్చకుండా రాసుకోండి. "ఎడ్యుకేషన్" చివర "ఎడ్యుకేషను" అని ఉంటే అలాగే ఉంచండి. గిరీశం ఇంగ్లీషును తెలుగు అజంతం చేసి పలుకుతున్నాడా లేదా అన్నది కూడా పాత్ర చిత్రణే.

పుస్తకం తెరిచి చూసేదాకా కొటేషన్ గుర్తులు పెట్టకూడదు. మధురవాణి తల్లి చెప్పిన మాటను నోట్సులో "చెడనివాళ్లను చెడగొట్టొద్దు" అని రాసుకున్నారు. అది సారాంశం, మాట కాదు. పట్టికలో దాని పక్కన [సరిచూడాలి] అని ఉంచాను. పుస్తకంలో దొరికాక బ్రాకెట్ తీసి, కొటేషన్ గుర్తులు, అంకం, స్థలం రాస్తారు. పరీక్షకు ముందు దొరక్కపోతే కొటేషన్ గుర్తులు లేకుండా సొంత మాటల్లో వాడతారు, అందులో ఏ నష్టమూ లేదు. గుర్తులు పెట్టి తప్పు రాస్తేనే నష్టం.

నేను చదువుకునే రోజుల్లో ఒక వ్యాసంలో ఒక పాత్ర మాటను ఇంకో పాత్ర నోట పెట్టాను. సెమినార్‌లో ఎవరో హడావిడిగా చెప్పిందాన్ని 'పు' అని రాసుకున్నాను. మూడు పేజీల వాదన ఆ ఒక్క మాట మీద నిలబడింది. దిద్దినవాళ్లు మార్జిన్‌లో "ఇది ఎవరన్నారు?" అని రాశారు. ఆ వాదన ఏం చేసినా నిలబెట్టలేకపోయాను. అప్పటి నుంచి చోటు లేని కొటేషన్‌ను గడిలోకి రానివ్వను.

ఖాళీ గడి ఏం చెప్తుంది

ఇప్పుడు బుచ్చమ్మ వరుస. రెండు గళ్లూ ఖాళీ. నోట్సులో ఆమె పేరు, రెండు ప్రశ్నార్థకాలు తప్ప ఏమీ లేవు. ఖాళీ గడి మూడు కారణాలతో వస్తుంది. పుస్తకంలో నిజంగా లేదు, పుస్తకంలో ఉంది కానీ సెమినార్‌లో ఎవరూ మాట్లాడలేదు, లేదా మీరు ప్రశ్న సరిగ్గా వేయలేదు. ఏదో తేల్చుకోవడానికి పుస్తకంలో ఆ పాత్ర ఉన్న రంగాలు మాత్రం తిరగేయండి, మొత్తం మళ్లీ చదవక్కర్లేదు.

బుచ్చమ్మ విషయంలో రెండోది నిజం. గంటసేపు సంస్కరణ గురించి చర్చించిన క్లాసులో ఆ సంస్కరణ ఎవరి కోసమో ఆమె గురించి ఒక్క లైనూ రాలేదు. ఆమె ఉన్న రంగాలు చూస్తే, గిరీశం చెబుతుంటే నమ్ముతూ వినడం, ఇల్లు దాటి వెళ్లడం, చివరికి ఇంకొకరు చేసిన ఏర్పాటు ప్రకారం పంపబడటం కనిపిస్తాయి. ఇప్పుడు ఆమె గడిలో ఇలా రాయొచ్చు: "సంస్కరణ ఆమె గురించే, నిర్ణయం ప్రతిసారీ మరొకరిది. అంటే: మంచివాడి చేతిలోనూ చెడ్డవాడి చేతిలోనూ ఆమె స్థానం ఒకటే." ఇది వ్యాసాన్ని ఇంకో మెట్టు ఎక్కించే గడి. ఆ రెండు ప్రశ్నార్థకాలే దీన్ని తెచ్చిపెట్టాయి.

పట్టిక పూర్తయ్యాక ఖాళీల చుట్టూ గుండ్రం గీయండి. ఒకే వరుసంతా ఖాళీగా ఉంటే ఆ పాత్ర గురించి పైన చెప్పినట్టు వెతకండి. ఒకే థీమ్ కింద అంతా ఖాళీగా ఉంటే ఆ థీమ్ ప్రశ్న పుస్తకానికి సంబంధించింది కాదు, మీరు బయటి నుంచి తెచ్చారు. తీసేయండి.

పట్టిక నుంచి వ్యాసానికి

ఇప్పుడు పట్టికను చదివే దిక్కు మార్చాలి. నింపేటప్పుడు మనం పాత్ర వెంట వెళ్లాం, గిరీశం అన్ని గళ్లూ, తర్వాత అగ్నిహోత్రావధాన్లు. వ్యాసం కోసం చదివేటప్పుడు థీమ్ వెంట నిలువుగా దిగాలి. ఒక ప్రశ్నకు నలుగురు ఇచ్చిన జవాబులు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి. వాటి మధ్య తేడాయే వాదన.

ప్రశ్న ఇదనుకోండి: "కన్యాశుల్కంలో సంస్కరణ పట్ల రచయిత దృష్టిని చర్చించండి." రెండో థీమ్ నిలువు వరుస పైనుంచి కిందికి చదివితే: మాట ఉండి పని లేనివాడు, మాటే గిట్టనివాడు, మాట లేకుండా పనిచేసేది, మాట, పని రెండూ ఉండి ఒక గుడ్డిచోటు ఉన్నవాడు, ఎవరి కోసమో ఆమె. ఈ వరుసలోనే ఒక వాక్యం దాగి ఉంది: ఈ నాటకం సంస్కరణను వెక్కిరించడం లేదు, సంస్కరణను ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు చేస్తున్నారు, ఎవరిని అడగడం లేదు అని విడదీసి చూపిస్తోంది. అదే మీ వ్యాసానికి మొదటి వాక్యం.

పేరాల క్రమం పట్టికలోని క్రమం కానక్కర్లేదు. నేనైతే గిరీశంతో మొదలుపెడతాను, చదివేవాళ్లు అతన్నే ఆశిస్తారు కాబట్టి. వెంటనే సౌజన్యారావును పక్కన పెడతాను. మోసగాడైన సంస్కర్త, నిజాయితీ గల సంస్కర్త, ఈ జంట వాదనకు ఊపు ఇస్తుంది. నిజాయితీపరుడికి ఉన్న గుడ్డిచోటు దగ్గర మధురవాణి రావాలి, ఎందుకంటే ఆ చోటును బయటపెట్టేది ఆమే. మగవేషంలో వస్తే మర్యాద దొరుకుతుంది, తన వేషంలో వస్తే దొరకదు. చివరి పేరా బుచ్చమ్మది. అగ్నిహోత్రావధాన్లుకు ఈ వ్యాసంలో పేరా ఇవ్వను, గిరీశం పేరాలో ఒక వాక్యం చాలు. పట్టికలో మంచి కొటేషన్ ఉంది కదా అని "తాంబూలాలిచ్చేశాను" ఇక్కడికి లాక్కురావద్దు. అది మొదటి థీమ్ వ్యాసానికి.

ఒక్కో పేరాకు పట్టిక నుంచి ఒక గడి, మహా అయితే రెండు. గడిలోని మూడో లైను, "అంటే" లైను, పేరా మొదటి వాక్యం అవుతుంది. రెండో లైను మధ్యలో సాక్ష్యంగా వస్తుంది. మొదటి లైను సాధారణంగా కథ చెప్పే లైను కాబట్టి ఒక్క ముక్కలో ముగించండి. ఈ తిరగేత చేయకపోతే పేరా కథతో మొదలై కథతోనే ముగుస్తుంది. గిరీశం పేరా ఇలా మొదలవుతుంది:

> గిరీశానికి సంస్కరణ ఆశయం కాదు, పథకం. బుచ్చమ్మకు అతను వినిపించిన వితంతు వివాహ ఉపన్యాసాల విలువ నాటకం చివరి మాటలో తేలిపోతుంది: "కథ అడ్డంగా తిరిగింది" అనేవాడికి కథ ఉంది గానీ బుచ్చమ్మ లేదు.

మూడు లైన్ల గడి రెండు వాక్యాలైంది, కొత్తగా వెతకాల్సింది ఏమీ లేకపోయింది.

పట్టిక సరిగ్గా వచ్చిందో లేదో రెండు చోట్ల తెలుస్తుంది. ఒక థీమ్ నిలువుగా చదివితే నాలుగు "అంటే" లైన్లూ ఒకే మాట చెప్తుంటే, ప్రశ్న మరీ తేలికైంది. "సమాజం చెడిపోయింది" అని నలుగురూ చెప్పే పట్టిక నుంచి వ్యాసం రాదు. పట్టిక చూడకుండా పేరా రాయగలిగితే, గళ్లలో ఉన్నది మీకు ముందే తెలిసిన సంగతి, పుస్తకం నుంచి ఏమీ రాలేదు. ఆ రెండు సందర్భాల్లోనూ థీమ్ ప్రశ్న దగ్గరికి వెనక్కి వెళ్లి దాన్నే తిరగరాయండి. గళ్లు నింపుతూ కూర్చుంటే బాగుపడదు.

మొత్తానికి ఏడు లైన్ల నోట్సుకు నాకు రెండు గంటలకు కాస్త ఎక్కువే పడుతుంది. అందులో సగం పుస్తకం తిరగేసి కొటేషన్లు సరిచూడ్డానికే పోతుంది. తర్వాత సెమినార్‌కు కొత్త పట్టిక గీయకండి. అదే పట్టికలో వేరే రంగు పెన్నుతో కలపండి. పాత గడికి ఎదురుతిరిగే మాట కొత్త సెమినార్‌లో వస్తే పాతది కొట్టేయకుండా పక్కనే రాయండి.